రిఫరెన్స్ ఫొటోకి బ్యూటీ ఫిల్టర్ ఉంటే, ఏఐ ఇచ్చే బొమ్మలో వేరే మనిషి ఎందుకొస్తారు?

2025 ఆగస్టు చివర్లో గూగుల్ జెమినిలోకి నానో బనానా వచ్చింది. సెప్టెంబర్‌కల్లా మన ఇన్‌స్టా ఫీడ్ అంతా పాత సినిమా స్టైల్ షిఫాన్ చీరలు, జడలో పువ్వులు, గోడ మీద సాయంత్రపు ఎండ. ఆ ట్రెండ్‌లో ఫొటో చేయించుకున్న చాలామంది అన్న మాట ఒక్కటే: "ఫొటో అదిరింది, కానీ నాలా లేదు." కింద ఫ్రెండ్స్ కామెంట్ కూడా దాదాపు అదే: "మీ అక్కా?"

దీనికి అందరూ మోడల్‌నే తిడతారు. మోడల్ తప్పు కొంత ఉంటుంది, కాదనను. కానీ సగం సార్లు పని మొదట్లోనే చెడిపోయి ఉంటుంది. మనం అప్‌లోడ్ చేసిన సెల్ఫీలోనే మన ముఖం పూర్తిగా లేదు. ఫోన్ బ్యూటీ మోడ్ దాన్ని ముందే తుడిచేసి, కొంచెం సాగదీసి, కొంచెం నొక్కి పెట్టింది. మోడల్‌కి అందింది ఆ మిగిలిందే. ఆ మిగిలినదాంతో అది ఏం చేస్తుంది, ఎందుకు వేరే మనిషి వస్తారు, దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నది ఈ ఆర్టికల్.

ఫిల్టర్ చేసేది ఒక పని కాదు, రెండు

"బ్యూటీ" అని స్లైడర్ ఒకటే కనిపిస్తుంది కానీ దాని వెనక రెండు వేర్వేరు పనులు జరుగుతాయి.

మొదటిది స్మూతింగ్. చర్మం మీద పక్కపక్కన ఉన్న పిక్సెల్స్ మధ్య చిన్న తేడాలను కలిపేస్తుంది. పెద్ద అంచులను, అంటే కంటి గీతని, పెదవి అంచుని వదిలేస్తుంది. కాబట్టి ఫొటో బ్లర్ అయినట్టు అనిపించదు. కానీ చర్మ రంధ్రాలు, సన్నటి ముడతలు, చిన్న మచ్చలు, పుట్టుమచ్చలు, కనుబొమ్మ చివర ఉన్న పల్చటి వెంట్రుకలు, ముక్కు పక్కనుంచి నోటి దాకా దిగే గీత నీడ పోతాయి, లేదా సగమవుతాయి.

రెండోది ఆకారం మార్చడం. ఫోన్ ముఖం మీద కళ్ళు, ముక్కు, దవడ ఎక్కడున్నాయో పాయింట్లు గుర్తిస్తుంది. తర్వాత ఆ పాయింట్లను జరుపుతుంది. కళ్ళు కొంచెం పెద్దవవుతాయి, ముక్కు సన్నబడుతుంది, దవడ లోపలికి వస్తుంది. ఇది చర్మానికి సంబంధించిన పని కాదు, కొలతలకు సంబంధించిన పని. పెద్దవాళ్ళలో చెంప ఎముకల దగ్గర ముఖం వెడల్పు సుమారు 130 మిల్లీమీటర్లు అనుకుందాం. ఫిల్టర్ అందులో 5 శాతం తగ్గిస్తే 6.5 మిల్లీమీటర్లు పోయాయి. ఎంత డైటింగ్ చేసినా చెంప ఎముక అంత తగ్గదు. ఫోన్ మాత్రం ఒక్క టచ్‌తో తగ్గించేస్తుంది.

ఇన్‌స్టాలో చూసేవాడికి ఈ రెండూ పెద్దగా తెలియవు, ఎందుకంటే వాడికి మనం ముందే తెలుసు. వాడి మెదడు మిగతాది నింపుకుంటుంది. మోడల్‌కి మనం తెలియదు. అదీ నింపుకుంటుంది, కానీ మన గురించి కాదు, తను చూసిన కోట్ల ముఖాల నుంచి.

మోడల్ మన ముఖాన్ని ఎలా చూస్తుంది?

జెమిని లోపల సరిగ్గా ఏముందో గూగుల్ మొత్తం బయటపెట్టలేదు. కానీ ఓపెన్ సోర్స్ టూల్స్ చూస్తే లెక్క అర్థమవుతుంది. ఇన్‌స్టంట్‌ఐడీ, ఐపీ-అడాప్టర్ ఫేస్‌ఐడీ లాంటి వాటిలో ముఖం మోడల్‌కి అందే ముఖ్యమైన దారి ఒకటుంది. ముఖాన్ని కత్తిరించి, రెండు కళ్ళూ ఒకే మట్టంలో వచ్చేలా సర్ది, 112×112 పిక్సెల్స్‌కి తగ్గిస్తారు. దాన్ని ఆర్క్‌ఫేస్ తరహా నెట్‌వర్క్ 512 నంబర్ల వెక్టర్‌గా మారుస్తుంది. "ఈ మనిషి ఎవరు" అన్న ప్రశ్నకి ఆ నెట్‌వర్క్ ఇచ్చే జవాబు ఆ 512 నంబర్లే.

ఆ 112 పిక్సెల్స్‌లో ఏం పడుతుందో చిన్న లెక్క వేద్దాం. సర్దిన తర్వాత రెండు కళ్ళ మధ్య దూరం దాదాపు 35 పిక్సెల్స్ ఉంటుంది. మనిషికి అసలు దూరం సుమారు 62 మిల్లీమీటర్లు. అంటే ఒక పిక్సెల్ 1.8 మిల్లీమీటర్లకు సమానం. చెంప మీద 3 మిల్లీమీటర్ల పుట్టుమచ్చ ఉంటే అది ఇక్కడ రెండు పిక్సెల్స్ కూడా కాదు. కాబట్టి పుట్టుమచ్చ ఈ దారిలో వెళ్ళదు, ఫిల్టర్ ఉన్నా లేకపోయినా. ఈ దారిలో వెళ్ళేది ప్రధానంగా ఆకారం, కొలతలు. ఫిల్టర్ కొలతలు మార్చిందా, ఈ దారి చెడిపోయింది.

మరి పుట్టుమచ్చ ఎలా వెళ్తుంది? ఫొటోనే నేరుగా చదివే మోడల్స్‌లో, ఇమేజ్ ఎడిటింగ్ చేసే వాటిలో, రెండో దారి ఉంటుంది. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్స్‌లో ఫొటోలోని ప్రతి 8×8 పిక్సెల్స్ చతురస్రాన్ని ఒక గడిగా కుదిస్తారు. నిలువెత్తు ఫొటోలో ముఖం 200 పిక్సెల్స్ వెడల్పే ఉందనుకోండి. 130 మిల్లీమీటర్లు 200 పిక్సెల్స్ అయితే 3 మిల్లీమీటర్ల మచ్చ నాలుగైదు పిక్సెల్స్, అంటే సుమారు సగం గడి. పోయే ఛాన్సే ఎక్కువ. అదే దగ్గరి ఫొటోలో ముఖం 600 పిక్సెల్స్ ఉంటే మచ్చ 14 పిక్సెల్స్ అవుతుంది, దాదాపు రెండు గడులు. అప్పుడు నిలబడుతుంది. కానీ స్మూతింగ్ దాన్ని ముందే చెరిపేస్తే ముఖం 600 కాదు 2000 పిక్సెల్స్ ఉన్నా ఉపయోగం లేదు. అక్కడ లేనిదాన్ని రిజల్యూషన్ తీసుకురాదు.

అంటే ఆకారం మార్పు మొదటి దారిని పాడుచేస్తుంది, స్మూతింగ్ రెండో దారిని పాడుచేస్తుంది. రెండూ కలిస్తే మోడల్ చేతిలో మిగిలేది "గుండ్రటి ముఖం, చామనఛాయ, పెద్ద కళ్ళు, ఆడమనిషి" అన్నంత సమాచారమే. ఆ వర్ణనకి సరిపోయేవాళ్ళు మన రాష్ట్రంలో లక్షలమంది ఉంటారు.

ఖాళీ ఉన్నచోట సగటు ముఖం వచ్చి కూర్చుంటుంది

మోడల్ ఖాళీని ఖాళీగా వదలదు. సమాచారం లేని చోట, ట్రెయినింగ్‌లో ఎక్కువసార్లు చూసింది పెడుతుంది. ఎక్కువసార్లు చూసినవి ఏవి? నెట్‌లో ఉన్న ఫొటోలు: ప్రకటనలు, సెలెబ్రిటీలు, అప్పటికే రీటచ్ చేసినవి. అందుకే నున్నటి సెల్ఫీ ఇస్తే వచ్చే బొమ్మ ఇంకా నున్నగా, మైనం బొమ్మలా ఉంటుంది. ఆ నునుపు మోడల్‌కి "ఇది ప్రకటన టైప్ ఫొటో" అని చెప్పే క్లూ కూడా అవుతుంది.

ఇంకో విషయం చాలామంది గమనించరు. వయసు అంచనాకి చర్మం మీద గీతలు పెద్ద ఆధారం. గీతలు పోతే మోడల్ దృష్టిలో మనిషి వయసు తగ్గుతుంది. వయసు తగ్గాక దానికి తగ్గట్టు మెడ, చేతులు, జుట్టు ఒత్తు, బుగ్గల నిండుదనం అన్నీ మారుస్తుంది. మనం తుడిచింది నాలుగు ముడతలే. తిరిగి వచ్చింది పదిహేనేళ్ళ చిన్న మనిషి.

ఫిల్టర్ ఒకసారి సగటు వైపు లాగుతుంది, మోడల్ అక్కడినుంచి మళ్ళీ సగటు వైపు లాగుతుంది. ఒక్కోసారి లాగింది తక్కువే, రెండూ కలిస్తే "మీ అక్కా?" అనే దగ్గర తేలతాం.

వాడపల్లి ఫొటో: ఒక కేసు పూర్తిగా

ఇరవయ్యేళ్ళ వాళ్ళ ఇన్‌స్టా ఫొటో అయితే నవ్వి వదిలేస్తాం. మా ఇంట్లో వచ్చిన కేసు అలాంటిది కాదు.

మా అమ్మమ్మది వాడపల్లి. కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆత్రేయపురం మండలం, గోదావరి గట్టు, ఏడు శనివారాలు చేసే వెంకన్న గుడి ఉన్న ఊరు. అమ్మమ్మ పోయాక పదకొండో రోజుకి దండ వేసే ఫొటో కావాలి. చివరి రెండేళ్ళలో ఉన్న మంచి ఫొటో ఒకటే: ఒక శనివారం గుడి ముందు మా పిన్ని కొడుకు తన ఫోన్‌తో తీసిన సెల్ఫీ. ఆ ఫోన్ ఫ్రంట్ కెమెరాలో బ్యూటీ మోడ్ కొన్న రోజు నుంచీ ఆన్‌లోనే ఉంది. వెనకాల జనం, పక్కన వీడు. దీన్ని ఒక స్టూడియోకి ఇస్తే వాళ్ళు ఏఐతో అమ్మమ్మని విడదీసి, పట్టుచీర కట్టి, నీలం బ్యాక్‌గ్రౌండ్ పెట్టి ఇచ్చారు. క్వాలిటీ సూపర్. మా అమ్మ చేతిలోకి తీసుకుని చూసి అంది: "ఈవిడెవర్రా?"

సెల్ఫీని, ఆ ప్రింట్‌ని, ఇంట్లో ఉన్న పాత ఫొటోల్ని పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మమ్మకి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉండేది. సెల్ఫీలో అది లేత గోధుమరంగు మరకలా మిగిలింది, ప్రింట్‌లో అసలు లేదు. పక్క పళ్ళు ఊడిపోయి బుగ్గలు లోపలికి ఉండేవి. ఆ లోతు తెలిసేది నీడ వల్లే. సెల్ఫీలో నీడ పల్చబడింది, ప్రింట్‌లో బుగ్గలు నిండుగా వచ్చాయి. కుడి కనుబొమ్మ చివర వెంట్రుకలు దాదాపు ఉండవు, ప్రింట్‌లో రెండు కనుబొమ్మలూ ఒకేలా ఉన్నాయి. దవడ సెల్ఫీలోనే సన్నబడింది, ప్రింట్‌లో ఇంకాస్త. ముక్కుపుడక మాత్రం కరెక్ట్‌గా ఉంది, ఎందుకంటే అది మెరిసే గట్టి అంచు, స్మూతింగ్ దాన్ని ముట్టుకోదు. అంటే నగ మిగిలింది, మనిషి పోయింది.

తర్వాత మావాడు స్టూడియో వాళ్ళతో నాలుగైదు వెర్షన్లు మళ్ళీ చేయించాడు. ఒక్కోదాంట్లో బుగ్గలు ఒక్కోలా ఉన్నాయి. ఇది మంచి క్లూ. ఒకే ఫొటో ఇచ్చి నాలుగుసార్లు చేయిస్తే, ఏ భాగం ప్రతిసారీ మారుతోందో ఆ భాగానికి ఫొటోలో ఆధారం లేదని అర్థం. మోడల్ ప్రతిసారీ కొత్తగా ఊహిస్తోంది. మారకుండా వచ్చిందల్లా నిజమని మాత్రం కాదు. సమానమైన కనుబొమ్మలు ప్రతి వెర్షన్‌లోనూ వచ్చాయి, కానీ అవి అమ్మమ్మవి కావు, సగటువి.

దారి దొరికింది వీడియోలో. అదే నెల పిన్ని వాళ్ళింట్లో అమ్మమ్మ పూతరేకులు చుడుతుంటే ఎవరో వెనక కెమెరాతో వీడియో తీశారు. కిటికీ పక్కన, బ్యూటీ లేదు. వాట్సాప్ గ్రూప్‌లో ఉన్న కాపీ కాకుండా, తీసిన ఫోన్‌లోంచి ఒరిజినల్ ఫైల్ తెప్పించాం. అమ్మమ్మ తలెత్తి చూసిన ఒక ఫ్రేమ్‌లో మచ్చ ఉంది, బుగ్గ నీడ ఉంది, సగం కనుబొమ్మ ఉంది. ఈసారి ముఖాన్ని మోడల్‌తో గీయించలేదు. ముఖం, మెడ ఉన్న భాగాన్ని మాస్క్ చేసి అలాగే ఉంచి, బ్యాక్‌గ్రౌండ్, చీర మాత్రమే మార్పించాం. ప్రింట్ కొంచెం గరుకుగా వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, గోడకి పెట్టి బొట్టు పెట్టింది.

స్కోర్ చూసి మోసపోవద్దు

కోడ్ రాసేవాళ్ళు "వెక్టర్లు పోల్చి చూస్తే సరిపోతుంది కదా" అంటారు. పోల్చొచ్చు. ఇన్‌సైట్‌ఫేస్ లైబ్రరీతో ఇంతే పని:

```python
import cv2
from insightface.app import FaceAnalysis

app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=-1, det_size=(640, 640))

def vec(path):
    return app.get(cv2.imread(path))[0].normed_embedding

print(vec("plain.jpg") @ vec("beauty.jpg"))
```

వచ్చే నంబర్ 1కి దగ్గరగా ఉంటే రెండు ముఖాలూ ఆ నెట్‌వర్క్‌కి ఒకేలా కనిపిస్తున్నాయని అర్థం. ఫొటోలో ఒక్క ముఖమే ఉండాలి, లేకపోతే `[0]` ఎవర్ని పట్టుకుంటుందో చెప్పలేం. మీ మీదే చేసి చూడండి: ఒకే చోట, ఒకే వెలుతురులో, బ్యూటీ ఆఫ్‌లో రెండు సెల్ఫీలు, సగంలో ఒకటి, ఫుల్‌లో ఒకటి. ముందు ఆఫ్ ఫొటోలు రెండింటినీ పోల్చండి, అది మీ బేస్‌లైన్. దానితో పోలిస్తే మిగతావి ఎంత పడిపోయాయో చూడండి. స్మూతింగ్ ఒక్కటే ఆన్ చేసి ఒకసారి, స్లిమ్ ఫేస్ ఒక్కటే ఆన్ చేసి ఒకసారి చూస్తే మీ ఫోన్‌లో ఏది ఎక్కువ నష్టం చేస్తోందో విడిగా తెలుస్తుంది.

కానీ ఒక పరిమితి గుర్తుంచుకోండి. ఆ నెట్‌వర్క్‌ని తయారుచేసిందే వెలుతురు మారినా, మేకప్ ఉన్నా, ఫొటో మసకగా ఉన్నా అదే మనిషిని గుర్తుపట్టడానికి. అంటే చర్మం మీది వివరాలు పట్టించుకోకపోవడమే దాని గొప్ప. పైన లెక్కేసినట్టు పుట్టుమచ్చ దానికి రెండు పిక్సెల్స్ కూడా కాదు. కాబట్టి స్కోర్ బాగున్నా ఇంట్లోవాళ్ళు "ఈవిడెవరు" అనొచ్చు. అక్కడ ఇంట్లోవాళ్ళదే కరెక్ట్. వాళ్ళు గుర్తుపట్టేది సగటు నుంచి మనిషి ఎక్కడ తప్పుకున్నాడో ఆ చిన్న చోట్లతోనే, ఫిల్టర్ తుడిచేదీ సరిగ్గా ఆ చోట్లనే.

బ్యూటీ ఆఫ్ చేసినా ఆగని స్మూతింగ్

బ్యూటీ జీరో పెట్టినా కెమెరా సాఫ్ట్‌వేర్ తన పని తాను చేస్తుంది. 2018లో ఐఫోన్ ఎక్స్‌ఎస్ వచ్చినప్పుడు సెల్ఫీల్లో చర్మం నున్నగా వస్తోందని పెద్ద గోల జరిగింది, "బ్యూటీగేట్" అని పేరు కూడా పెట్టారు. అక్కడ బ్యూటీ ఫిల్టరే లేదు. స్మార్ట్ హెచ్‌డీఆర్ ఫ్రేములు కలిపేటప్పుడు షార్ప్‌గా ఉన్న ఫ్రేముని ఎంచుకోకపోవడం కారణమని ఆపిల్ చెప్పి, ఐఓఎస్ 12.1లో సరిచేసింది. 2020లో గూగుల్ పిక్సెల్ 4ఏ నుంచి ఫ్రంట్ కెమెరాలో ఫేస్ రీటచింగ్‌ని డిఫాల్ట్‌గా ఆఫ్ చేసింది. మన దగ్గర ఎక్కువ అమ్ముడయ్యే చాలా ఫోన్లలో మాత్రం సెట్టింగ్ మనమే వెతికి చూడాలి. అదీ ఫొటో మోడ్‌లో ఒకటి, పోర్ట్రెయిట్‌లో ఒకటి, వీడియోలో ఒకటి విడివిడిగా ఉండొచ్చు. ఒకచోట ఆఫ్ చేసి వదిలేస్తే కుదరదు.

వెలుతురు తక్కువైతే నాయిస్ తగ్గించే ప్రాసెసింగ్ కూడా చర్మాన్ని అలాగే తుడుస్తుంది. ట్యూబ్‌లైట్ కింద రాత్రి తీసిన ఫొటో ఫిల్టర్ లేకపోయినా ఫిల్టర్ ఉన్నట్టే. ఇంకా ముఖానికి మరీ దగ్గరగా, చెయ్యి చాచినంత దూరంలో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. అది ఫిల్టర్ కాదు, దూరం వల్ల వచ్చే తేడా. మోడల్‌కి మాత్రం అదీ మీ ముఖమే.

ఫొటో పనికొస్తుందో లేదో నిమిషంలో తెలుసుకోవడం

ఫొటోని వంద శాతం జూమ్ చేసి మూడు చోట్ల చూడండి. మొదట బుగ్గని, మెడని పోల్చండి. మెడ మీద చర్మం గరుకుగా ఉండి బుగ్గ నున్నగా ఉంటే స్మూతింగ్ ముఖానికే వేశారు. తర్వాత కనుబొమ్మల చివర్లు: వెంట్రుకలు విడివిడిగా కనిపించాలి, పెన్సిల్‌తో రుద్దినట్టు ఉండకూడదు. చివరగా ముఖం పక్కన ఉన్న నిటారు గీతలు, అంటే తలుపు అంచు, గోడ టైల్స్, కిటికీ చువ్వలు. దవడ దగ్గర అవి కొంచెం వంగి ఉంటే ఫోన్ ఆకారం కూడా మార్చింది. గీతలు వంగకపోతే మార్చలేదని గ్యారంటీ మాత్రం లేదు, కొన్ని యాప్‌లు బ్యాక్‌గ్రౌండ్‌ని వేరుచేసి ముఖాన్నే జరుపుతాయి.

ఫొటో పాసవ్వకపోతే షార్పెన్ చేయడం, ఫేస్ రిస్టోర్ టూల్స్ వాడడం పరిష్కారం కాదు. జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ లాంటివి పోయిన వివరాన్ని వెనక్కి తేవు, పోయిన చోట నమ్మేలా ఇంకోటి గీస్తాయి. మోడల్‌కి ఇచ్చేముందే ఇంకొక సగటు ముఖం కలిపినట్టు అవుతుంది. ప్రాంప్ట్‌లో "ముఖం అస్సలు మార్చొద్దు" అని పదిసార్లు రాసినా అంతే. రిఫరెన్స్‌లో లేని ముఖాన్ని అది కాపాడలేదు. "ఎడమ చెంప మీద పుట్టుమచ్చ" అని రాస్తే ఒక మచ్చ పెడుతుంది, కానీ సరిగ్గా అదే చోట, అదే సైజులో వస్తుందని నమ్మలేం.

కొత్తగా తీయగలిగితే పగలు కిటికీ పక్కన నిలబెట్టి, వెనక కెమెరాతో, మీటరున్నర దూరం నుంచి, ఫోన్‌లో ఉంటే 2ఎక్స్ జూమ్‌లో తీయండి. ఎదురుగా ఒకటి, కొంచెం కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. టూల్ ఒకటి కంటే ఎక్కువ ఫొటోలు తీసుకుంటే మూడూ ఇవ్వండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. నునుపు కావాలంటే వచ్చిన బొమ్మకి చివర్లో వేసుకోండి, అప్పుడు తుడిచేది మీ ముఖాన్నే.

కొత్తగా తీసే వీలు లేని మనుషులవైతే పాత ఫోన్ల ఒరిజినల్ ఫైల్స్, వెనక కెమెరా వీడియోలు వెతకండి, ముఖాన్ని మాస్క్ చేసి మిగతాదే మార్పించండి. ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే మాత్రం ఈ ఆదివారం మీ ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్యూటీ ఎక్కడెక్కడ ఆన్‌లో ఉందో చూసి, తర్వాతే వాళ్ళ ఫొటో తీయండి.